రిసెప్షన్ తేదీ మార్చాల్సి వచ్చింది, అడ్వాన్స్ పోకుండా హాల్ మేనేజర్‌కి ఏం రాశాం: ఒక కేస్ స్టడీ

ఊరు, హాలు, కుటుంబం ఎవరిదో తెలిసే వివరాలన్నీ తీసేశాను. తేదీలు, డబ్బు మొత్తాలు కొంచెం మార్చాను గానీ వాటి మధ్య లెక్క అలాగే ఉంచాను. నేను కృష్ణా, గుంటూరు వైపు పెళ్లిళ్లకు కోఆర్డినేషన్ చేస్తాను. తేదీ మారిన ఫంక్షన్లు ఏటా కొన్ని నా దగ్గరికి వస్తుంటాయి. వాటిలో ఈ ఒక్కటే రాయడానికి కారణం ఉంది. ఇందులో హాల్ ఒకటే, మేనేజర్ ఒకరే, రసీదు వెనక షరతులూ అవే. మారింది అడిగిన తీరు మాత్రమే. దానితో జవాబు కూడా మారింది.

నేపథ్యం

పెళ్లి అమ్మాయి వాళ్ల ఊళ్లో, శ్రావణమాసంలో, ఆగస్టు 14 గురువారం రాత్రి ముహూర్తం. రిసెప్షన్ అబ్బాయి వాళ్ల ఊళ్లో, ఆగస్టు 17 ఆదివారం సాయంత్రం. ఏసీ హాలు, సుమారు ఏడు వందల భోజనాలు. అద్దె 2,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 36,000. కరెంటు మీటర్ రీడింగ్ ప్రకారం, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ విడిగా. చైత్రంలోనే బుక్ చేసుకున్నారు. ఆ రోజు కట్టింది 1,25,000.

ఆ రసీదు నేను తర్వాత చూశాను. ‘అడ్వాన్సు’ అన్న గడిలో 1,25,000 అని ఒకే అంకె ఉంది. పక్కన పెన్నుతో చిన్నగా ‘25 కాషన్’ అని రాసి ఉంది. అంటే లక్ష అద్దెలో అడ్వాన్స్, పాతికవేలు కాషన్ డిపాజిట్. చాలా హాళ్లు కాషన్ డిపాజిట్‌ని ఫంక్షన్‌కి ముందురోజు తీసుకుంటాయి. ఇక్కడ బుకింగ్ రోజే కలిపి తీసుకున్నారు. కుటుంబం మాత్రం మొత్తాన్నీ ‘డిపాజిట్’ అనే పిలుస్తోంది. ఈ కలగాపులగం తర్వాత ఇబ్బంది పెట్టింది.

రసీదు వెనక ఆరేడు షరతులు అచ్చువేసి ఉన్నాయి. మనకు పనికొచ్చేవి రెండు. బుకింగ్ రద్దు చేసుకుంటే అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు అనేది ఒకటి. తేదీ మార్పు యాజమాన్యం అంగీకారానికి లోబడి ఉంటుంది అనేది రెండోది. మొదటిది తలుపు మూసేస్తుంది. రెండోది కొంచెం తెరిచి ఉంచుతుంది. ఈ కుటుంబం తెలియకుండానే మొదటి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

సమస్య ఎలా వచ్చింది

జూలై చివర్లో పెళ్లికొడుకు పెదనాన్న గారు కాలం చేశారు. స్వయానా తండ్రికి అన్న కాబట్టి మైల. పెద్దకర్మ అయ్యేసరికి ఆగస్టు రెండో వారం. ఇరువైపుల పెద్దలూ పురోహితుడితో మాట్లాడుకుని, ముహూర్తం మార్చకుండా పెళ్లి గుడిలో దగ్గరి వాళ్ల మధ్య కానిద్దామన్నారు. రిసెప్షన్ మాత్రం వద్దన్నారు. అన్న పోయిన పదిహేను ఇరవై రోజులకే స్టేజీ మీద నిలబడి అక్షింతలు వేయించుకోవడానికి తండ్రికి మనసు ఒప్పలేదు. అందులో వాదించడానికి ఏమీ లేదు.

కాబట్టి మారాల్సింది రిసెప్షన్ ఒక్కటే. ఇది చాలా ముఖ్యం. పెళ్లి మారితే ముహూర్తం వెతకాలి. భాద్రపదం శూన్యమాసం, అందులో పెళ్లిళ్లు పెట్టరు. మూఢం వస్తే ఇంకా వెనక్కి పోతుంది. రిసెప్షన్‌కి ముహూర్తం అక్కర్లేదు. అమావాస్య కాకుండా, ఇంటి పెద్దలు వద్దనే వారం కాకుండా చూసుకుంటే చాలు. అంటే హాళ్లకు గిరాకీ లేని రోజు కూడా మనకు పనికొస్తుంది. ఈ విషయం తండ్రికి తట్టలేదు. ఆయన ఉన్న పరిస్థితిలో తట్టాలనీ ఎవరూ అనుకోరు.

కుటుంబం చేసిన ప్రయత్నాలు

మొదట ఆయన మేనేజర్‌కి ఫోన్ చేశారు. సాయంత్రం ఏడు దాటాక, హాల్లో వేరే ఫంక్షన్ నడుస్తుండగా. ‘రిసెప్షన్ ఆగిపోయిందండీ, మా డబ్బు ఎప్పుడు ఇస్తారు’ అని అడిగారు. మేనేజర్ చుట్టూ హడావుడి. ‘రసీదు వెనక చూడండి సార్, రేపు మాట్లాడదాం’ అని పెట్టేశారు. ఆ ఒక్క ఫోన్‌తో అది మేనేజర్ దృష్టిలో రద్దు అయిపోయింది. రద్దు అంటే మొదటి షరతు.

తర్వాత బంధువుల్లో ఒకాయన, ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి చేత నేరుగా ఓనర్‌కి ఫోన్ చేయించాడు. సాయం చేద్దామనే చేశాడు. కానీ ఓనర్‌కి అసలు విషయం అప్పటికి తెలియదు. మేనేజర్ ఇంకా చెప్పనే లేదు. ఓనర్ మేనేజర్‌ని పిలిచి ‘ఏంటయ్యా, నాకు చెప్పకుండా ఎవరికి ఏం మాటిచ్చావ్’ అని అడిగాడట. ఆ మాట మేనేజరే తర్వాత నాతో అన్నారు. సిఫారసు వల్ల అక్కడ అప్పటిదాకా మన పక్షాన మాట్లాడగలిగిన ఒకే ఒక్క మనిషి వెనక్కి తగ్గాడు.

మూడోది వాట్సాప్ మెసేజ్. పెళ్లికొడుకే బెంగళూరు నుంచి రాశాడు. దాదాపు ఇలా ఉంది:

‘సార్ నమస్తే. మా పెదనాన్న గారు చనిపోయారు. అందరం చాలా బాధలో ఉన్నాం. రిసెప్షన్ ఇప్పుడు చేయలేం. మా డిపాజిట్ మొత్తం రిటర్న్ చేస్తారా లేక వేరే డేట్ ఇస్తారా? అక్టోబర్‌లో గానీ నవంబర్‌లో గానీ ఏదైనా ఆదివారం చూడండి. ఇంకా పెద్దవాళ్లతో మాట్లాడి కన్ఫర్మ్ చేస్తాం. ప్లీజ్ హెల్ప్ చేయండి సార్.’

మర్యాదగా ఉంది, అబద్ధం లేదు. జవాబు మాత్రం రాలేదు. రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. ఎందుకు రాలేదో మేనేజర్ కుర్చీలో కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఈ మెసేజ్ ఏ బుకింగ్ గురించో వెతుక్కోవాలి. నంబరు అబ్బాయిది, రసీదు తండ్రి పేరు మీద ఉంది. డబ్బు తిరిగి కావాలో, తేదీ కావాలో తేలలేదు. రెండు నెలల్లో ఏ ఆదివారమైనా అంటే ఆయన డైరీ ముందేసుకుని ఎనిమిది తొమ్మిది తేదీలు చూడాలి. చూసి చెప్పినా, ‘పెద్దవాళ్లతో మాట్లాడి’ అన్న మాట ఉండనే ఉంది. పైగా ఆగస్టు 17 సంగతి ఏమిటో ఎక్కడా లేదు. ఆయనకు అన్నిటికంటే కావాల్సింది అదే.

ఈ దశలో తండ్రి నా దగ్గరికి వచ్చారు. స్టేజ్ డెకరేషన్ మా ద్వారా అనుకున్నారు కాబట్టి ఎలాగూ నాకు చెప్పాలి. ‘లక్షా పాతికవేలు పోయినట్టేనా అమ్మా’ అని అడిగారు. రిసెప్షన్‌కి ఇంకా పదిహేను రోజులుంది.

హాల్ వైపు నుంచి లెక్క

నేను మొదట చూసింది షరతులు కాదు, ఆ ఆదివారం విలువ. శ్రావణ ఆదివారం హాల్ దొరకడం కష్టం. అలాంటి తేదీకి ప్రతి హాల్లోనూ అడిగి, లేదనిపించుకుని వెనక్కి వెళ్లినవాళ్లు ఉంటారు. కొందరు మేనేజర్లు ఆ ఫోన్ నంబర్లను డైరీలో అదే పేజీ అడుగున రాసిపెట్టుకుంటారు. పదిహేను రోజుల ముందు పెళ్లి కుదరడం అరుదు. కానీ ఓణీల ఫంక్షన్, నిశ్చితార్థం, బారసాల లాంటివి అంత తక్కువ వ్యవధిలోనూ పెట్టుకుంటారు. అంటే 17వ తేదీ మళ్లీ అమ్ముడుపోయే అవకాశం ఉంది. ఆ అవకాశం రోజురోజుకీ తగ్గుతుంది.

మన దగ్గర బేరానికి ఉన్నది అదొక్కటే. అన్న పోయాడన్న బాధ నిజమే, చెప్పాలి కూడా. కానీ దాన్ని చూసి ఓనర్ లక్ష వదులుకోడు. తేదీని తొందరగా, ఎలాంటి గొడవా లేకుండా చేతికి ఇస్తే మాత్రం అతను మళ్లీ అమ్ముకోగలడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొత్త తేదీ ఖాయం కాకముందే పాతది వదిలేస్తే మన చేతిలో ఏమీ మిగలదు. ‘17 వదిలేశారుగా, కొత్త తేదీకి మళ్లీ అడ్వాన్స్ కట్టండి’ అంటే చేయగలిగింది లేదు. అలాగని పాతదాన్ని పట్టుకుని వారం రోజులు బేరమాడితే, అమ్ముడుపోయే టైమ్ దాటిపోతుంది. అప్పుడు ఓనర్‌కి నిజంగానే నష్టం వస్తుంది, అడ్వాన్స్ పట్టుకోవడానికి అతని దగ్గర కారణం ఉంటుంది. కాబట్టి రెండూ ఒకేసారి జరగాలి. కొత్తది ఖాయమైన క్షణాన పాతది వాళ్లది. దానికి గడువు ఒక్కరోజు.

చట్టం సంగతీ ఆలోచించాను. ఒప్పందంలో పెనాల్టీ ఇంత అని రాసుకున్నా, సమంజసమైన పరిహారమే ఇప్పించాలని, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 చెబుతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇవి తెలిసి ఉండటం మంచిదే. మెసేజ్‌లో మాత్రం పెట్టలేదు. మనకు రెండు నెలల తర్వాత అదే హాలు కావాలి. ఆ రోజు ఏసీ సరిగా వేయాలన్నా, రాత్రి పదకొండు దాటాక ఇంకో అరగంట ఓపిక పట్టాలన్నా ఆ మేనేజరే చూడాలి.

తేదీలు ఎంచుకోవడం

మెసేజ్ రాయడానికి ముందు తేదీలు తేల్చాం. ఆదివారం అనే పట్టుదల వదలమని తండ్రికి చెప్పాను. ఆశ్వయుజంలో ఆదివారాలకు అద్దె తగ్గదు, దొరకడమూ కష్టమే. శరన్నవరాత్రుల్లో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు, ఈ రిసెప్షన్‌లో బిర్యానీ ఖాయం. కాబట్టి విజయదశమి దాటాక, దీపావళి హడావుడి మొదలవ్వకముందు, వారం మధ్యలో చూద్దామన్నాను. అక్టోబర్ 9 గురువారం, 13 సోమవారం, 15 బుధవారం అనుకున్నాం.

అప్పుడు వంటవాళ్లకి, ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాం. 9న వంటమాస్టర్ వేరే ఊళ్లో ఉన్నాడు. పైగా ఆ ఇంటి ఆడవాళ్లు గురువారం మాంసం తినరు. అది తీసేశాం. రెండు మిగిలాయి, 15కే మొగ్గు. పెద్దవాళ్లందరి దగ్గరా ‘సరే’ అనిపించుకున్నాకే మెసేజ్. మేనేజర్ ‘15 ఇస్తాను’ అంటే అదే నిమిషంలో ‘తీసుకుంటాం’ అనగలగాలి. లేకపోతే ఆయన ఓనర్ దగ్గర మాట పోగొట్టుకుంటాడు.

పంపిన మెసేజ్

తండ్రి ఫోన్ నుంచే పంపాలని అనుకున్నాం, రసీదు ఆయన పేరు మీదే ఉంది కాబట్టి. నేను పంపితే మధ్యలో మనిషి వచ్చాడనుకుంటారు. ఓనర్‌కి కాదు, మేనేజర్‌కే. కానీ ఆయన ఒక్క ముక్క మార్చకుండా ఓనర్‌కి ఫార్వర్డ్ చేయగలిగేలా ఉండాలి. ఉదయం పదకొండుకి, ఆ రోజు హాల్లో ఫంక్షన్ లేదని తెలుసుకుని, ముందు ఒక్క నిమిషం ఫోన్ చేయించాను. ‘డబ్బు తిరిగి అడగడం లేదండీ, తేదీ మార్చమని అడుగుతున్నాం, వివరంగా మెసేజ్ పెడుతున్నాను, వీలు చూసుకుని చూడండి’ అని, అంతే. ముందు రోజుల ఫోన్లతో పడిన ముద్ర పోవడానికి ఆ నిమిషం అవసరమైంది.

మెసేజ్ ఇది:

‘మేనేజర్ గారికి నమస్కారం. ఆగస్టు 17 ఆదివారం సాయంత్రం రిసెప్షన్‌కి మీ ఏసీ హాల్ బుక్ చేసుకున్నాను. రసీదు నా పేరు మీద ఉంది, ఫోటో కింద పెట్టాను. కట్టినది 1,25,000. అందులో అద్దె అడ్వాన్స్ 1,00,000, కాషన్ డిపాజిట్ 25,000.

మా అన్నయ్య గారు ఈ మధ్యే కాలం చేశారు. అందువల్ల రిసెప్షన్ వాయిదా వేస్తున్నాం. బుకింగ్ రద్దు చేసుకోవడం లేదు, మీ హాల్లోనే చేయాలని మా ఉద్దేశం.

అక్టోబర్ 15 బుధవారం గానీ, 13 సోమవారం గానీ సాయంత్రం హాల్ ఖాళీ ఉందా? మాకు 15 అయితే బాగుంటుంది. భోజనాలు అవే, సుమారు ఏడు వందలు. ఆ రోజుకి అద్దె, జీఎస్టీ ఎంతో, కరెంటు, జనరేటర్, క్లీనింగ్ ఎలా ఉంటాయో చెప్పండి.

లక్ష అడ్వాన్స్ కొత్త తేదీకి జమ చేయమని కోరుతున్నాను. తేదీ మార్పుకి ఏమైనా తగ్గించే పద్ధతి ఉంటే ఎంతో చెప్పండి. కాషన్ డిపాజిట్ 25,000 అలాగే కొత్త తేదీకి ఉంచండి.

కొత్త తేదీ ఖాయం చేసినట్టు మీరు మెసేజ్ పెట్టిన వెంటనే ఆగస్టు 17 వదులుకుంటున్నట్టు నేను రాసి పంపుతాను. శ్రావణ ఆదివారం కాబట్టి ఇంతకుముందు ఎవరైనా అడిగి ఉంటే వాళ్లకి ఇచ్చుకోవచ్చు. అప్పటిదాకా 17 మా పేరు మీదే ఉంచండి. రేపు సాయంత్రం ఆరు లోపు చెప్పగలిగితే మీకూ టైమ్ కలిసొస్తుంది. ఓనర్ గారితో మాట్లాడాలంటే ఈ మెసేజ్ అలాగే పంపించండి.’

దీన్ని రాసేటప్పుడు తండ్రికీ నాకూ ఒకచోట తేడా వచ్చింది. ‘ఏమైనా తగ్గించే పద్ధతి ఉంటే’ అని మనమే ఎందుకు అందించాలి, అడగకుండా ఉంటే పూర్తిగా జమ చేస్తారేమో కదా అన్నారు. నా ఆలోచన వేరు. షరతు ప్రకారం మార్పు వాళ్ల ఇష్టం. ఏమీ తగ్గించొద్దంటే ఓనర్‌కి ‘కుదరదు’ అనడం తేలిక. ఎంత తగ్గిస్తారు అని అడిగితే, మార్చడానికి ఒప్పుకున్నాకే అతను అంకె చెప్పగలడు. అంకె వచ్చాక దాని మీద మాట్లాడుకోవచ్చు.

డిపాజిట్ గురించి ‘ఉంచగలరా’ అనలేదు, ‘ఉంచండి’ అన్నాం. కాషన్ డిపాజిట్ కుర్చీలు విరిగితే, అద్దాలు పగిలితే పట్టుకోవడానికి తీసుకునేది. ఫంక్షనే జరగనప్పుడు దాన్ని పట్టుకోవడానికి కారణం లేదు. అడ్వాన్స్‌తో కలిపి అడిగితే రెండూ ఒకే గంగలో కలుస్తాయి. విడదీసి రాస్తే బేరం లక్ష మీదే నడుస్తుంది.

జవాబు, ఆ తర్వాత బేరం

అదే రోజు మధ్యాహ్నం మేనేజర్ ఫోన్ చేశారు. 15 ఖాళీ ఉంది. వారం మధ్య రోజు కాబట్టి అద్దె 1,60,000, జీఎస్టీ 28,800, మొత్తం 1,88,800. మిగతావి పాత పద్ధతే. కాషన్ గురించి అభ్యంతరం లేదు. అడ్వాన్స్‌లో మాత్రం పాతికవేలు కోత పెట్టి 75,000 జమ చేస్తామని ఓనర్ అన్నారట.

తండ్రి అక్కడికక్కడే ఒప్పుకోబోయారు. లక్షా పాతికవేలు పోయాయనుకున్న మనిషికి అది పెద్ద ఊరటే. కాసేపు ఆగి మెసేజ్‌లో జవాబిద్దామన్నాను. ఆ పాతికవేలు దేనికి? 17 ఖాళీగా ఉండిపోతే వచ్చే నష్టానికి. మరి 17 అమ్ముడుపోతే? ఆ ప్రశ్నే రాశాం: ‘17 ఎవరికీ వెళ్లకపోతే మీరు చెప్పిన 25,000 తగ్గించుకోండి, మాకు అభ్యంతరం లేదు. వేరేవాళ్లకి ఇవ్వగలిగితే మాత్రం పూర్తి లక్ష జమ చేయండి.’

ఓనర్ ఒప్పుకోలేదు. అమ్ముడుపోయినా మళ్లీ రసీదులు, రిజిస్టర్ మార్చడం, అద్దె తగ్గించి ఇవ్వాల్సి రావడం ఉంటాయన్నారు. అందులో నిజం ఉంది. రెండు వారాల్లో తేదీ కావాలని వచ్చేవాళ్లు పూర్తి అద్దె ఇవ్వరు, బేరమాడతారు. చివరికి మేనేజరే మధ్యేమార్గం చెప్పారు. అమ్ముడుపోతే పదివేలు, పోకపోతే పాతిక. అద్దె ఎంతకు పోయినా పదివేలే అని స్పష్టంగా మెసేజ్ పెట్టమని అడిగాం. లేకపోతే తర్వాత ‘తక్కువకి ఇచ్చాం కదా’ అనే మాట వస్తుంది. పెట్టారు. ఆ నిమిషంలోనే తండ్రి ‘ఆగస్టు 17 సాయంత్రం మీ హాల్ మీద మా బుకింగ్ వదులుకుంటున్నాం, అక్టోబర్ 15 బుధవారానికి మార్చినట్టు ఒప్పుకుంటున్నాం’ అని పంపారు.

ఒకటి మాత్రం కుదరలేదు. ఆదివారానికి అనుకున్న అద్దె కంటే బుధవారం అద్దె 40,000 తక్కువ కదా, ఈ పదివేలు కూడా వదిలేయండి అని తండ్రి ఇంకోసారి అడిగి చూశారు. మేనేజర్ జవాబివ్వలేదు. నేను ఇక అడగొద్దన్నాను.

నాలుగైదు రోజుల్లో 17 ఒక ఓణీల ఫంక్షన్‌కి వెళ్లింది. అనుకున్నట్టే తక్కువ అద్దెకి. పదివేలే కోత పడింది. 90,000 జమ అయింది, ఇక కట్టాల్సింది 98,800. కాషన్ 25,000 కదల్లేదు.

డైరీలో పెన్సిల్

మెసేజ్‌లు అయిపోయాక తండ్రిని ఒకసారి హాల్‌కి పంపాను. దీనికి ఆయన పెద్దగా ఇష్టపడలేదు, ‘అంతా రాసే ఇచ్చారు కదమ్మా’ అన్నారు. కానీ తేదీ మార్చిన బుకింగ్‌లకే ఎక్కువగా డబుల్ బుకింగ్ జరుగుతుంది. హాల్ ఆఫీసులో మేనేజర్ డైరీ ఒకటి, ఓనర్ ఇంట్లో ఇంకో డైరీ ఉండటం మామూలే. కొత్త బుకింగ్ అయితే రసీదు చింపుతారు కాబట్టి రెండింటిలోనూ ఎక్కుతుంది. మార్పుకి రసీదు ఉండదు. మేనేజర్ తన డైరీలో రాసుకుని, ఓనర్‌కి చెప్పడం మర్చిపోతే చాలు.

వెళ్లి చూస్తే ఆగస్టు 17 పేజీలో పాత పేరు ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. అక్టోబర్ 15 పేజీలో కొత్త పేరు పెన్సిల్‌తో ఉంది. ఆ హాల్లో పెన్సిల్ అంటే ఎవరో అడిగారు, ఇంకా ఖాయం కాలేదు అని. మేనేజర్ దురుద్దేశంతో రాయలేదు, డబ్బు చేతికి రాని ఏ ఎంట్రీ అయినా ఆయన అలాగే రాస్తారు. తండ్రి అడిగితే అక్కడే పెన్నుతో రాశారు, ఓనర్‌కి ఫోన్ చేసి ఆయన డైరీలోనూ ఎక్కించారు.

కొత్త రసీదు కూడా తీసుకున్నాం. అందులో పాత రసీదు నంబరు, తేదీ మార్పు, జమ చేసిన 90,000, విడిగా కాషన్ 25,000 రాయించాం. జీఎస్టీ గురించి కూడా అప్పుడే అడిగాం. సేవల విషయంలో అడ్వాన్స్ తీసుకున్నప్పుడే దానిపై పన్ను కట్టాలి. ఈ హాల్ పాత అడ్వాన్స్‌ని పన్నుతో సహా లెక్కలో చూపించింది. కాబట్టి చివరి బిల్లులో 1,88,800 నుంచి 90,000 నేరుగా తీసేయాలని, మొత్తం మీద మళ్లీ పన్ను వేయకూడదని రాయించుకున్నాం. అడగకపోతే ఏమయ్యేదో చెప్పలేను గానీ, బిల్లు వేసేది వేరే మనిషి, రెండు నెలల తర్వాత, రాత్రి పన్నెండు గంటలకి.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో వచ్చిన మార్పులు

ఇప్పుడు హాల్ బుక్ చేసే రోజే అడ్వాన్స్, కాషన్ వేర్వేరు వరుసల్లో రాయించమని మా వాళ్లకి చెబుతున్నాను. ఒకే అంకెగా రాస్తే, కష్టం వచ్చినప్పుడు ఆ పాతికవేలు మనదని గుర్తుచేయాల్సి వస్తుంది. షరతుల్లో తేదీ మార్పు గురించి ఏమీ లేకపోతే, రసీదు మీదే ఒక వాక్యం అడుగుతున్నాను: ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తగ్గిస్తారు అని. కొందరు రాస్తారు, కొందరు నవ్వి ‘అప్పుడు చూద్దాంలెండి’ అంటారు. రాయని హాల్‌కి కుటుంబం అడ్వాన్స్ తక్కువ కట్టేలా చూస్తాను.

ఇంకొకటి, చెడు వార్త వచ్చినప్పుడు హాల్‌కి ఎవరు ఫోన్ చేయాలో ముందే అనుకోమంటున్నాను. ఇంట్లో దుఃఖం ఉంటే నలుగురూ నాలుగు వైపులా సాయం చేయబోతారు. ఒకరు ఫోన్, ఒకరు సిఫారసు, ఒకరు మెసేజ్. హాల్ వాళ్లకి నాలుగు మాటలు చేరితే, అందులో వాళ్లకి అనుకూలమైనదే పట్టుకుంటారు.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. రెండు మూడు రోజుల ముందు చెబితే తేదీ మళ్లీ అమ్ముడుపోదు, అప్పుడు మన దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. వారం మధ్య గిరాకీ లేని తేదీ నుంచి శ్రావణ ఆదివారానికి మార్చమంటే లెక్క తిరగబడుతుంది, అద్దె తేడా కట్టాల్సిందే. దేవస్థానాలు, సంఘాలు నడిపే కళ్యాణ మండపాల్లో నిబంధనలు ముందే ఖాయం చేసి ఉంటాయి. అక్కడ మేనేజర్‌కి తగ్గించే అధికారం ఉండదు. అలాంటిచోట మెసేజ్ మీద ఆశ పెట్టుకోకుండా, వాళ్ల ఫారం మీద దరఖాస్తు రాసి, అందినట్టు ముద్ర వేయించుకుని, అది కమిటీ ముందుకి ఎప్పుడు వెళ్తుందో కనుక్కోవడమే పని. కేటరింగ్ కూడా హాల్ వాళ్లదే అయితే ఇంకో చిక్కు. ప్లేట్ ధర పాతదే ఉంటుందా, కొత్త తేదీ నాటి ధర వేస్తారా అనేది అదే మెసేజ్‌లో అడగాలి. ఇక్కడ వంట మనదే కాబట్టి ఆ ప్రశ్న రాలేదు.

రిసెప్షన్ అక్టోబర్ 15న జరిగింది. మర్నాడు ఉదయం కరెంటు రీడింగ్, డీజిల్, క్లీనింగ్ లెక్క చూసుకుని, రెండు కుర్చీలకి పట్టుకుని, మిగతా కాషన్ తండ్రి ఖాతాలో వేశారు.